ఒకే పైపు, నీళ్లూ ఆముదమూ

బోరు దగ్గర పైపు విప్పి మోటారు వేస్తే నీళ్లు ఎగిరి పడతాయి. అదే పైపును 300 మీటర్లు సాగదీసి చివరి మడికి పెడితే ధార సన్నబడుతుంది. మోటారు అదే, బోరు అదే, నేల దాదాపు సమతలం. అయినా మధ్యలో ఏదో పోయింది. పోయింది నీళ్లు కాదు, ఒత్తిడి. పైపులో ఏ ద్రవం కదిలినా గోడల రాపిడికి కొంత ఒత్తిడి ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఎంతన్నది రెండు సంగతుల మీద నడుస్తుంది. ఒకటి ద్రవం ఎంత వేగంగా పోతోందన్నది, రెండోది అది ఎంత చిక్కగా ఉందన్నది. ఈ రెండూ కలిసి ముందుగా ఇంకొక విషయం తేలుస్తాయి. ద్రవం పైపులో బుద్ధిగా పొరలు పొరలుగా జారిపోతుందా, లేక సుడులు తిరుగుతూ కలగాపులగంగా పోతుందా అన్నది అక్కడే తేలిపోతుంది. ఆ తేడా తెలియకుండా వేసిన ఒత్తిడి లెక్క ఎన్నో రెట్లు తప్పొచ్చు.

ఒక పైపును ఎంచుకుని, అందులో ముందు నీళ్లు, తర్వాత ఆముదం పంపి చూద్దాం. పొలాల్లో విరివిగా వాడే 63 ఎంఎం పీవీసీ పైపు తీసుకుందాం. ఈ 63 బయటి కొలత. గోడ మందం పోగా లోపలి వ్యాసం 60 మిల్లీమీటర్లు అనుకుందాం. ఇందులో నీరు సెకనుకు ఒక మీటరు వేగంతో పోతే నిమిషానికి దాదాపు 170 లీటర్లు, గంటకు 10 వేల లీటర్లు వస్తాయి. సామాన్యమైన బోరుకు ఇది ఊహకందే లెక్కే.

ఈ వేగంలో ఆ పైపును గాజుతో చేసి చూడగలిగితే లోపల నీరు నేరుగా సాగుతున్నట్టు కనిపించదు. ముందుకు పోతూనే పక్కకు తిరుగుతూ, పైకి లేస్తూ, గోడను తాకి మళ్లీ నడిమికి వస్తూ ఉంటుంది. దీన్ని ఇంజినీర్లు టర్బులెంట్ ప్రవాహం అంటారు, మనం సుడుల ప్రవాహం అనుకుందాం. రెండో రకం లామినార్ ప్రవాహం. అందులో ద్రవం పలుచటి పొరలుగా విడిపోయి ఒక పొర మీద ఇంకో పొర జారుతూ పోతుంది. గోడను ఆనుకున్న పొర కదలదు, నడిమధ్య పొర అన్నిటికంటే వేగంగా పోతుంది, పక్కపక్క పొరలు ఒకదానిలో ఒకటి కలవవు.

గాజు గొట్టంలో దీన్ని నిజంగా చూసినవాడు ఆస్బోర్న్ రేనాల్డ్స్. ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో, ఓవెన్స్ కాలేజీలో ఇంజినీరింగ్ ప్రొఫెసరు. 1883లో ఆయన ప్రచురించిన ప్రయోగం ఇప్పటికీ ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో చేయిస్తారు. నీళ్లు నింపిన తొట్టిలో పొడవాటి గాజు గొట్టం పెట్టి, దాని నోటిని బూరలా వెడల్పు చేశాడు. నీరు లోపలికి పోయేటప్పుడే చెదరకూడదని ఆ జాగ్రత్త. ఆ నోటి దగ్గర సన్నగా రంగు నీరు వదిలాడు. గొట్టంలో నీరు మెల్లగా పోతున్నంతసేపు ఆ రంగు నిటారు దారంలా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చెక్కుచెదరకుండా సాగింది. వేగం కొద్దికొద్దిగా పెంచుతూ పోతే ఒక దశలో దారం ఉన్నట్టుండి చెదిరి, ఆ పైన గొట్టమంతా రంగు పులుముకుంది. విద్యుత్ మెరుపు వెలుగులో క్షణకాలం చూస్తే ఆ పులుముడు నిజానికి చుట్టలు చుట్టలుగా తిరిగే సుడులని తెలిసింది.

రేనాల్డ్స్ గొప్పతనం సుడులను చూడడంలో కంటే, అవి ఎప్పుడు పుడతాయో ఒక్క సంఖ్యలో పట్టుకోవడంలో ఉంది. ద్రవం సాంద్రత, వేగం, పైపు లోపలి వ్యాసం, ఈ మూడింటినీ గుణించి, ద్రవం చిక్కదనంతో భాగించాలి.

Re = ρ V D / μ

దీన్నే రేనాల్డ్స్ సంఖ్య అంటారు. పైన ఉన్నవన్నీ ద్రవం దూకుడును పెంచేవి. బరువైనది వేగంగా పోతుంటే దాన్ని దారి మళ్లించడం, ఆపడం కష్టం. ఎక్కడైనా చిన్న వంకర పుడితే ఆ వంకరను అది మోసుకుపోతూ పెద్దది చేస్తుంది. కింద ఉన్న చిక్కదనం దానికి కళ్లెం. పక్క పొర తేడాగా కదలబోతే రాపిడితో లాగి సర్దేస్తుంది. పుట్టిన వంకర పెరగకముందే చదును చేస్తుంది. దూకుడుదే పైచేయి అయితే సుడులు, కళ్లెందే పైచేయి అయితే పొరలు. పైపుల్లో ఈ సంఖ్య సుమారు 2,000 లోపుంటే ప్రవాహం పొరలుగా ఉంటుంది, 4,000 దాటితే మామూలు పరిస్థితుల్లో సుడులుగా ఉంటుంది.

ఇప్పుడు మన పైపుకు లెక్క కడదాం. 30 డిగ్రీల ఎండకు కాగిన నీటి చిక్కదనాన్ని ఇంజినీర్లు 0.8 అని రాస్తారు. దాని కొలమానం పేరు మిల్లీపాస్కల్ సెకను, అది పక్కన పెట్టినా నష్టం లేదు. మన పైపులో సెకనుకు మీటరు వేగం దగ్గర రేనాల్డ్స్ సంఖ్య 75,000 వస్తుంది. 2,000 ఎక్కడ, 75,000 ఎక్కడ! ఈ నీరు పొరలుగా పోవాలంటే వేగం సెకనుకు 2.7 సెంటీమీటర్లకు దిగాలి. అంటే నిమిషానికి నాలుగున్నర లీటర్లు. అంత తక్కువ ధారకు ఎవరూ 63 ఎంఎం పైపు వేయరు. పొలాల పైపుల్లో, ఊళ్ల మంచినీటి లైన్లలో, అపార్ట్‌మెంటు రైజర్లలో నీరు పారుతున్నంతసేపు దాదాపు ఎప్పుడూ సుడులుగానే పారుతుంది.

దాని ఖరీదు చూడండి. 300 మీటర్ల నునుపైన ఈ పైపులో సెకనుకు మీటరు వేగానికి రాపిడి నష్టం 4.9 మీటర్ల హెడ్ వస్తుంది. అంటే నీటిని దాదాపు 5 మీటర్లు పైకి ఎత్తడానికి కావలసినంత ఒత్తిడి పైపుకే పోతుంది. ఇదే నీరు, ఇదే వేగంలో, ఎలాగో సుడులు పుట్టకుండా పొరలుగా పోగలిగితే నష్టం ఎంతో తెలుసా? 22 సెంటీమీటర్లు. ఇరవై రెట్లకు పైగా తేడా ఒక్క ప్రవాహం తీరు మారినందుకే.

కారణం గోడ దగ్గర ఉంది. పొరల ప్రవాహంలో వేగం గోడ దగ్గర సున్నాతో మొదలై నడిమి దాకా నిదానంగా పెరుగుతూ పోతుంది. నడిమి వేగం సగటుకు సరిగ్గా రెండింతలు. సుడులు ఈ ఏర్పాటును చెడగొడతాయి. నడిమధ్య వేగంగా పోతున్న నీటిని తెచ్చి గోడ పక్కన పడేస్తాయి, గోడ పక్కన నెమ్మదించిన నీటిని నడిమికి లాక్కుపోతాయి. దాంతో పైపు మధ్యలో వేగమంతా దాదాపు ఒక్కటే అవుతుంది. గోడ దగ్గర మాత్రం వెంట్రుక మందమంత పొరలోనే వేగం సున్నా నుంచి ఎగబాకాలి. అంత నిటారుగా వేగం మారితే రాపిడి అంతకంత పెరుగుతుంది. గోడ నీటిని వెనక్కి లాగే బలం పెరిగినకొద్దీ మోటారు అంత ఎక్కువగా నెట్టాలి. ఆ నెట్టిన శక్తి సుడుల్లోకి, పెద్ద సుడుల నుంచి చిన్న సుడుల్లోకి, చివరికి చిక్కదనం చేతిలో పడి వేడిగా మారిపోతుంది.

ఇప్పుడు నీళ్లు తీసేసి అదే పైపులో ఆముదం పంపుదాం. ఈసారి పొడవు 30 మీటర్లే, నూనె మిల్లులో ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు. వేగం అదే, సెకనుకు మీటరు. 30 డిగ్రీల దగ్గర ఆముదం చిక్కదనం సుమారు 450, అంటే నీటికంటే 560 రెట్లు. రేనాల్డ్స్ సంఖ్య 127 వస్తుంది. సుడులు పుట్టే మాటే లేదు. ఈ పైపులో ఆముదాన్ని 2,000 దాకా తేవాలంటే సెకనుకు 15 మీటర్లకు పైగా, అంటే గంటకు 55 కిలోమీటర్లకు పైబడిన వేగంతో తోయాలి. ఆ పని ఎవరూ చేయరు.

పొరల ప్రవాహమే కదా, ఖర్చు తక్కువేమో అనిపించొచ్చు. కాదు. 30 మీటర్లకే ఒత్తిడి నష్టం సుమారు 1.2 బార్ వస్తుంది. అదే 30 మీటర్లకు నీరు పోగొట్టుకునేది 0.05 బార్. సుడులు లేకపోయినా ఆముదం పొరలు ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకుంటాయి. పొరల ప్రవాహం అంటే తేలికైన ప్రవాహం అని అనుకోకూడదు. ఇచ్చిన ద్రవాన్ని ఇచ్చిన వేగంతో తీసుకుపోవడంలో అది చౌక, అంతవరకే.

అసలు విషయం ఇక్కడుంది. ఈ రెండు ప్రవాహాలూ వేరువేరు యజమానుల మాట వింటాయి. ఆముదంలో వేగం రెండింతలు చేస్తే ఒత్తిడి నష్టం కూడా సరిగ్గా రెండింతలవుతుంది, 1.2 నుంచి 2.4కు. నీటిలో వేగం రెండింతలు చేస్తే 4.9 మీటర్ల నష్టం 16.4కు ఎగబాకుతుంది, మూడింతలకు పైగా. గరుకు పైపైతే దాదాపు నాలుగింతలు. అదే వేడి సంగతికొస్తే కథ తిరగబడుతుంది. ఆముదం 30 డిగ్రీల నుంచి 20 డిగ్రీలకు చల్లబడితే చిక్కదనం 450 నుంచి 980 దాటుతుంది, నష్టమూ అదే లెక్కన 1.2 నుంచి 2.6 బార్‌కు పెరుగుతుంది. 40 డిగ్రీలకు వేడెక్కితే చిక్కదనం 230కి పడి, నష్టం 0.6కు దిగుతుంది. డిసెంబరు తెల్లవారుజామున మొరాయించిన పంపు మధ్యాహ్నానికి మామూలుగా నడవడం వెనక ఉన్నది ఇదే. నీటికి ఇంతటి మార్పు రాదు. 30 నుంచి 20 డిగ్రీలకు చల్లబడితే దాని చిక్కదనం పాతిక శాతం పెరిగినా, సుడుల ప్రవాహం కాబట్టి ఒత్తిడి నష్టం పెరిగేది ఆరు శాతం లోపే. పొరల ప్రవాహంలో చిక్కదనానిది పెత్తనం, సుడుల ప్రవాహంలో వేగానిది.

పొరల ప్రవాహపు లెక్కను మొదట కొలిచి చెప్పినవాళ్లు ఇద్దరు. జర్మన్ ఇంజినీరు హాగెన్ 1839లో ఇత్తడి గొట్టాలతో, పారిస్ వైద్యుడు పాయిజాయ్ 1840ల్లో సన్నని గాజు గొట్టాలతో. పాయిజాయ్ ధ్యాస మన ఒంట్లో సన్నని నాళాల్లో పారే రక్తం మీద. ఇద్దరి కొలతలూ చెప్పింది ఒకటే. ఒకే ఒత్తిడి దగ్గర గొట్టం వ్యాసం సగమైతే వచ్చే ద్రవం పదహారో వంతుకు పడిపోతుంది. సుడుల ప్రవాహంలో లెక్క వేరైనా వ్యాసం పెత్తనం ఇంకా ఎక్కువే. అదే నీటిని సగం వ్యాసమున్న పైపులోంచి పంపాలంటే నష్టం దాదాపు 27 రెట్లు.

పైపు గోడ విషయంలో కూడా రెండు ప్రవాహాల తీరు వేరు. పొరల ప్రవాహంలో గోడ కాస్త గరుకుగా ఉన్నా నష్టం మారదు, ఆ గరుకు గుంతలన్నీ నెమ్మదైన పొర కిందే మునిగి ఉంటాయి. సుడుల ప్రవాహంలో వేగం పెరిగినకొద్దీ గోడ పక్క పొర పలచబడి, గరుకు మొనలు బయటపడతాయి. జర్మనీలోని గోటింగెన్‌లో నికురాడ్జే అనే పరిశోధకుడు పైపుల లోపల ఇసుక రేణువులు అతికించి దీన్ని కొలిచి, 1933లో ఫలితాలు ప్రచురించాడు. మొనలు పూర్తిగా బయటపడ్డాక చిక్కదనానికి ఇక మాటే ఉండదు, నష్టం వేగం వర్గంతోనే పెరుగుతుంది. తుప్పు పట్టిన పాత జీఐ పైపును పీకి అదే సైజు పీవీసీ వేస్తే నీళ్లు పెరిగేది ఇందుకే. తుప్పు వ్యాసాన్నీ తగ్గిస్తుంది, గరుకునూ పెంచుతుంది.

మరి 2,000కీ 4,000కీ మధ్య ఏం జరుగుతుంది? అక్కడ ప్రవాహం ఒక నిర్ణయానికి రాదు. పైపులో కొంత దూరం నిశ్చలంగా పొరలు, అంతలో ఒక సుడుల గుంపు, మళ్లీ పొరలు. రేనాల్డ్స్ ఈ గుంపులను కూడా చూశాడు. ఒక గుంపు దాటిపోతుంటే ఒత్తిడి నష్టం పెరుగుతుంది, అది దాటాక తగ్గుతుంది. అందుకే ఈ మధ్య ప్రాంతంలో నడిచే లైనులో గేజు ముల్లు ఊగుతూ ఉంటుంది, చివర ధార కూడా పెరుగుతూ తరుగుతూ కనిపిస్తుంది. మరీ చిత్రమేమిటంటే, గొట్టం నోటిని నున్నగా చేసి, తొట్టిలో నీటిని కదలకుండా చాలాసేపు నిలవనిస్తే రేనాల్డ్స్‌కు 12,000 దాటాక కూడా పొరలు చెదరలేదు. అదే పరికరంతో ఇటీవలి కాలంలో మాంచెస్టర్‌లో మళ్లీ ప్రయోగం చేస్తే అంత పైకి పోలేకపోయారు. వీధిలో తిరిగే వాహనాల అదురు చాలు, పొరలు చెదరడానికి. అంటే పై హద్దు ఎంతన్నది ప్రవాహాన్ని ఎంత కుదురుగా మొదలుపెట్టామన్నదాని మీద ఆధారపడుతుంది. కింది హద్దు మాత్రం అలా కాదు. 2011లో జర్మనీ కేంద్రంగా పనిచేసిన పరిశోధకుల బృందం 4 మిల్లీమీటర్ల వ్యాసం, 15 మీటర్ల పొడవున్న గొట్టంలో ఒక్కో సుడుల గుంపు ఎంతసేపు బతుకుతుందో కొలిచింది. రేనాల్డ్స్ సంఖ్య 2,040 లోపుంటే గుంపులు విడిపోయి పెరిగేలోపే ఆరిపోతాయి, దాటితే ఆరిపోయేలోపే విడిపోయి కొత్తవి పుట్టిస్తాయి. సుడులు నిలదొక్కుకునే గడప అదీ. డిజైన్ చేసేవాళ్లు మాత్రం ఈ మధ్య ప్రాంతంలో పైపు నడవకుండా చూసుకుంటారు, తప్పనప్పుడు ఎక్కువ నష్టాన్నే లెక్కలోకి తీసుకుంటారు. అది సరైన పద్ధతి.

మన ఇంట్లోనే దీన్ని ఉజ్జాయింపుగా చూడొచ్చు. లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లున్న అరంగుళం పైపులో 30 డిగ్రీల నీరు 2,000 దగ్గరకు రావాలంటే సెకనుకు దాదాపు 19 మిల్లీలీటర్లు పారాలి. లీటరు బాటిలు నిండడానికి 55 సెకన్ల దాకా పట్టేటంత సన్నగా కుళాయి తిప్పితే వెనక పైపులో నీరు పొరలుగా పోతున్నట్టు లెక్క. అంతకంటే త్వరగా నిండితే గడప దాటినట్టే. బకెట్ పెట్టి గబగబా పట్టుకునే మామూలు ధారలో ఇది ఎంత దూరాన ఉందో మీకే తెలుస్తుంది.

పొలంలోనో మిల్లులోనో ఉన్న పైపులో ఏ ప్రవాహం నడుస్తోందో తెలుసుకోవడానికి గాజు గొట్టం అక్కర్లేదు. పైపు మొదట్లో ఒక ప్రెషర్ గేజు, ఒక బకెట్, ఒక గడియారం చాలు. గేజు గేటువాల్వు దాటాక ఉండాలి. చివర పైపు తెరిచి ఉంచి, వచ్చే ధారను కొలిచి గేజు చూడండి. గేజుకూ చివరకూ ఉన్న ఎత్తు తేడాను ఆ ఒత్తిడి లోంచి తీసేయాలి. ఇది మరిచిపోతే మొత్తం పరీక్షే తప్పవుతుంది. తర్వాత గేటువాల్వుతో ధారను సగం చేసి మళ్లీ చూడండి. నష్టం కూడా సగమైతే పొరలు. మూడో వంతుకో నాలుగో వంతుకో పడితే సుడులు. మన నీటి పైపులో చివర 2 మీటర్లు ఎత్తున ఉంటే పూర్తి ధారకు గేజు 6.9 మీటర్లు చూపాలి, అంటే దాదాపు 0.7 కిలోలు. రోజూ అంతే చూపే గేజు ఎక్కువ చూపి ధార తగ్గిందంటే ఎక్కడో పైపు పూడింది. గేజూ ధారా రెండూ పడిపోయాయంటే పైపు పగిలి కారుతోంది, లేదా పంపు అలిసిపోయింది.

ఇక్కడ తరచూ జరిగే పొరపాట్లలో ఒకటి నీటి పట్టిక చూసి నూనెకు పంపు కొనడం. మామూలు సెంట్రిఫ్యూగల్ పంపు ఆముదం చిక్కదనం ముందు నిలబడదు. నష్టం అంచనా కూడా ఎన్నో రెట్లు తక్కువ వస్తుంది. అలాంటి చోట గేరు పంపు, వెడల్పైన పైపు, అవసరమైతే వేడి చేసే ఏర్పాటు ఉండాలి. రాజస్థాన్‌లోని బార్మేర్ దగ్గర మంగళ క్షేత్రం ముడి చమురు మైనం ఎక్కువగా ఉండి మామూలు వేడికే గడ్డకడుతుంది. అందుకే దాన్ని గుజరాత్ తీరానికి చేర్చే వందల కిలోమీటర్ల పైపును పొడవునా వేడి చేస్తూనే ఉంచాలి. నీటి లైనుకు అలాంటి ఖర్చు పెట్టినా ఫలితం ఉండదు.

రెండో పొరపాటు పొలాల్లోది. పైపు ఖరీదు చూసి 63 ఎంఎం బదులు 50 ఎంఎం వేయడం. లోపలి వ్యాసం 60 నుంచి 47 మిల్లీమీటర్లకు తగ్గుతుంది, చూపుకు పెద్ద తేడా కాదు. అదే 10 వేల లీటర్లు గంటకు కావాలంటే వేగం సెకనుకు 1.6 మీటర్లవుతుంది, 300 మీటర్లకు నష్టం 4.9 నుంచి 15.5 మీటర్లకు చేరుతుంది. ఆ 10 మీటర్ల అదనపు హెడ్ కోసం నీటికే దాదాపు 300 వాట్ల శక్తి అందించాలి, మోటారూ పంపూ పోగొట్టుకునేది దాని మీద. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వ్యవసాయానికి కరెంటు ఉచితం కాబట్టి ఈ నష్టం బిల్లులో కనిపించదు. కనిపించేది చివరి మడి దగ్గర తగ్గిన ధారే, ఎందుకంటే పంపు ఆ ఎక్కువ హెడ్‌ను అందుకోలేక నీళ్లు తక్కువ ఇస్తుంది. దాన్ని సరిచేయడానికి పెద్ద మోటారు కొంటారు. కానీ ఆ పైపులోనే వేగం పెంచితే నష్టం మూడింతల లెక్కన ఎదురొస్తుంది. కొత్తగా పైపు వేసుకునేవారు దుకాణానికి వెళ్లేముందు మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి: గంటకు ఎన్ని లీటర్లు, ఎంత దూరం, ఎంత ఎత్తు. వేగం సెకనుకు ఒక మీటరు చుట్టుపక్కల ఉండేలా లోపలి వ్యాసం అడిగి తీసుకోండి. దూరం 200 మీటర్లు దాటితే మోటారు సైజు పెంచే ముందు పైపు సైజు పెంచండి.